మెసేజ్‌లో వచ్చిన "అప్‌డేట్" ఫైలు, "చలాన్" ఫైలు నొక్కొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో మాది ఫోన్ల రిపేరు షాపు. స్క్రీన్ పగిలిందని వచ్చేవాళ్లతో సమానంగా ఇప్పుడు "వాట్సాప్‌లో ఏదో వచ్చింది, నొక్కేశాను" అంటూ వచ్చేవాళ్లున్నారు. అందరూ అడిగేవి అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ మళ్లీ మళ్లీ చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి మామూలుగా మాట్లాడుకునే తెలుగులోనే రాస్తున్నా, పెద్ద మాటలు వెతక్కండి. ఉదాహరణలు ఎక్కువగా చలాన్ ఫైలు మీదే ఉంటాయి, మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది అదే మరి.

## మెసేజ్ వచ్చినప్పుడు

నా బండి మీద చలాన్ ఉందని ఫైలు వచ్చింది. నేను నిజంగానే మొన్న పాతపట్నం వెళ్లాను. అబద్ధం ఎలా అవుతుంది?

ఈ మోసం మన దగ్గర బాగా పని చేయడానికి కారణమే అది. ఓడీ 20 బండి మీద పొద్దున పాతపట్నం, మధ్యాహ్నం టెక్కలి, సాయంత్రం ఇంటికి. రెండు రాష్ట్రాల రోడ్ల మీద తిరిగేవాడికి "ఎక్కడో కెమెరాకి దొరికిపోయి ఉంటాను" అనే అనుమానం ఎప్పుడూ ఉంటుంది. మీరు ఎక్కడికెళ్లారో మెసేజ్ పంపినవాడికి తెలియదు. ఒకే మెసేజ్‌ని వేలమందికి పంపుతాడు, అందులో కొందరు ఆ వారంలో హెల్మెట్ లేకుండా తిరిగినవాళ్లే అయి ఉంటారు.

చలాన్ నిజంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఏ యాప్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో echallan.parivahan.gov.in అని మీరే టైప్ చేయండి. బండి నంబరు, దాంతో పాటు ఛాసిస్ నంబరులో గానీ ఇంజన్ నంబరులో గానీ చివరి ఐదు అక్షరాలు అడుగుతుంది. అవి ఆర్సీ కార్డు మీద ఉంటాయి. చలాన్ ఉంటే తేదీ, చోటు, తప్పు ఏమిటో కనపడతాయి. ఇంకా అనుమానం ఉంటే ఆర్టీఓ ఆఫీసులో బండి నంబరు చెప్పి అడగండి. ప్రభుత్వం చలాన్‌ని వాట్సాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలుగా పంపదు.

తెలిసినవాళ్ల నంబరు నుంచే వచ్చింది కదా, వాళ్లు నన్ను మోసం చేస్తారా?

వాళ్లు చేయరు. వాళ్లు మీకన్నా ఒకరోజు ముందు మోసపోయారంతే. ఈ యాప్ ఒక ఫోన్లో కూర్చున్నాక కాంటాక్ట్‌లు తీసుకుంటుంది, వచ్చే ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది. వాట్సాప్ రిజిస్ట్రేషన్ కోడ్ కూడా ఎస్సెమ్మెస్‌లోనే వస్తుంది కాబట్టి దొంగ ఆ కోడ్‌తో వాళ్ల వాట్సాప్‌ని తన ఫోన్లో తెరుచుకుంటాడు. అక్కడి నుంచి బంధువుల గ్రూపులన్నింటికీ అదే ఫైలు పోతుంది.

అందుకే అల్లుడి నంబరు నుంచి వచ్చినా, బడిలో మేష్టారి నంబరు నుంచి వచ్చినా ఒకసారి మామూలు ఫోన్ కాల్ చేసి "నువ్వే పంపావా?" అని అడగండి. వాట్సాప్‌లో అడగొద్దు. జవాబిచ్చేది దొంగే కావచ్చు.

ఫైలు దానంతటదే డౌన్‌లోడ్ అయిపోయింది. ఫోన్ పాడైపోయినట్టేనా?

లేదు. డౌన్‌లోడ్ అవ్వడం వేరు, ఇన్‌స్టాల్ అవ్వడం వేరు. ఆ ఫైలు మీ ఫోన్లో మూత తీయని సీసాలాంటిది. మీరు దాన్ని నొక్కి, హెచ్చరిక దాటి, Install అనే బటన్ కూడా నొక్కితేనే లోపలికి వెళ్తుంది. ఫైలు మీద వేలు నొక్కి పట్టుకుని డిలీట్ చేసేయండి, ఫోన్లోంచి కూడా తీసేయమంటే సరే అనండి.

మళ్లీ ఇలా అవ్వకుండా వాట్సాప్ సెట్టింగ్స్‌లో Storage and data లోకి వెళ్లి డాక్యుమెంట్ల ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. మొబైల్ డేటాకి, వైఫైకి విడివిడిగా ఉంటుంది, రెండు చోట్లా ఆపాలి.

ఒడియాలోనో హిందీలోనో వచ్చింది, మా అమ్మకి తెలుగు తప్ప రాదు. చదవకుండానే గుర్తుపట్టే ఉపాయం ఉందా?

ఉంది. మెసేజ్ చదవక్కర్లేదు, ఫైలు పేరు కింద చూడమనండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్ వస్తే దాని కింద సైజు, రకం చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫొటో అయితే ఫొటోలా కనపడుతుంది, బిల్లు అయితే PDF అని ఉంటుంది. APK అని మూడక్షరాలుంటే అది యాప్. ఆ మూడక్షరాల ఆకారం గుర్తు పెట్టుకుంటే చాలు, భాష రానక్కర్లేదు. మా అమ్మకి నేను ఆ మూడింటినీ క్యాలెండర్ వెనకాల పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

ఫైలు పేరుని మాత్రం నమ్మొద్దు. Challan_copy.pdf.apk లాంటి పేర్లు పెడతారు. పేరు పొడుగైతే స్క్రీన్ మీద చివరి ముక్క కనపడక అచ్చం పీడీఎఫ్ అనిపిస్తుంది. పెళ్లి శుభలేఖ, కరెంటు బిల్లు, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ అని ఏ పేరు పెట్టినా లోపలి సరుకు ఒకటే.

## అప్‌డేట్ అంటే

"మీ యాప్ పాతదైపోయింది, ఈ కొత్తది వేసుకోండి" అని లింకు వచ్చింది. నిజమైన అప్‌డేట్ ఎలా వస్తుంది?

ప్లే స్టోర్ తెరిచి, పైన మీ బొమ్మ నొక్కి, Manage apps & device లోకి వెళ్తే ఏ యాప్‌కి అప్‌డేట్ ఉందో అక్కడే కనపడుతుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయితే ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. కంపెనీని బట్టి ఆ పేజీ పేరు కాస్త మారుతుంది గానీ Software update అని వెతికితే దొరుకుతుంది. ఒక మెసేజ్ "అప్‌డేట్" అంటే ఆ లింకు వదిలేసి ఈ రెండు చోట్లకి మీరే నడిచి వెళ్లండి. అక్కడ లేకపోతే అప్‌డేట్ లేనట్టే.

దొంగ అప్‌డేట్ వేస్తే నా అసలు యాప్ పాడైపోతుందా?

ఇది చాలామందికి తెలియని సంగతి, కొంచెం ఓపిగ్గా చదవండి. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. ఉన్న యాప్‌కి అప్‌డేట్ వస్తే కొత్త ఫైలు మీద కూడా అదే సంతకం ఉందో లేదో ఫోన్ చూస్తుంది. సంతకం కలవకపోతే పాతదాని మీద కూర్చోనివ్వదు. కాబట్టి ప్రభుత్వ రవాణా యాప్ mParivahan పేరుతో దొంగ చేసినది మీ అసలు mParivahan ని మార్చలేదు. పక్కన ఇంకో యాప్‌గా కూర్చోవాల్సిందే.

దీంట్లోంచి రెండు గుర్తులు పట్టుకోవచ్చు. "అప్‌డేట్" వేశాక అదే బొమ్మతో రెండు యాప్‌లు కనపడితే రెండోది దొంగది. ఇంకోటి, ఇన్‌స్టాల్ అవకుండా App not installed అని వచ్చినప్పుడు అవతలివాడు "పాత యాప్ తీసేసి మళ్లీ ప్రయత్నించండి" అంటే అక్కడే ఆగిపోవాలి. సంతకం కలవలేదు కాబట్టి ఫోన్ గుమ్మం దగ్గర ఆపింది, వాడు మీ చేతనే గుమ్మం తీయిస్తున్నాడు.

మొదట వేసిన యాప్ తెరవగానే అదే "Update available" అంది. అది నిజం కాదా?

ఈమధ్య నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ ఇలాంటివే. మొదటి యాప్‌లో విషం ఏమీ ఉండదు, అది ఉత్త సంచి. తెరవగానే ప్లే స్టోర్‌లాగే రంగులేసిన పేజీ, కింద అప్‌డేట్ బటన్. అది నొక్కితే "ఈ యాప్‌కి ఇతర యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఇవ్వండి" అని ఆండ్రాయిడ్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. ఇస్తే సంచిలోంచి రెండో యాప్ బయటికొస్తుంది. పని చేసేది ఆ రెండోదే. తరచూ దానికి బొమ్మ కూడా కనపడదు. చలాన్ చూపించే యాప్‌కి ఇంకో యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న ఆ పేజీ దగ్గర వేసుకుంటే చాలు.

## ఇన్‌స్టాల్ నొక్కే ముందు

ప్లే ప్రొటెక్ట్ అడ్డుపడింది. కాసేపు ఆపేసి వేసుకోమని ఫోన్లో చెప్పారు. ఆపొచ్చా?

వద్దు. ప్లే ప్రొటెక్ట్ అంటే మీ ఫోన్లో యాప్‌లని తనిఖీ చేసే గూగుల్ కాపలా. భారతదేశంలో దానికి ఒక అదనపు కాపలా పెడుతున్నామని గూగుల్ 2024 అక్టోబరులో ప్రకటించింది. వాట్సాప్, బ్రౌజర్, ఫైల్ మేనేజర్ లాంటి దారుల్లో వచ్చిన యాప్ ఎస్సెమ్మెస్‌లు చదవడానికో, నోటిఫికేషన్లు చూడటానికో, స్క్రీన్ చదివి మీ బదులు బటన్లు నొక్కనిచ్చే యాక్సెసిబిలిటీకో అనుమతి అడిగేదైతే ఇన్‌స్టాల్ కాకుండానే ఆపేస్తుంది. మీకు అడ్డుపడింది అదే అయి ఉండొచ్చు. దాన్ని ఆపమనే నిజమైన బ్యాంకు గానీ ఆఫీసు గానీ ఉండదు.

ఇలాంటిదే ఇంకో మాట. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే Restricted setting అని ఆపుతుంది. అప్పుడు వాడు "యాప్ ఇన్ఫోలో మూడు చుక్కలు నొక్కి Allow restricted settings ఇవ్వండి" అంటాడు. ఈ మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఫోన్ పెట్టేయండి.

ఏ అనుమతి అడిగితే భయపడాలి?

చలాన్, బిల్లు, శుభలేఖ లాంటి యాప్ అడిగితే నాకు టెన్షన్ పుట్టించేది ముఖ్యంగా ఎస్సెమ్మెస్. "దీన్ని మీ డిఫాల్ట్ ఎస్సెమ్మెస్ యాప్‌గా పెట్టుకోవాలా?" అని అడిగితే మరీ. ఒప్పుకుంటే బ్యాంకు ఓటీపీలు ముందు దాని చేతికే వెళ్తాయి, మీకు చూపించకుండా దాచనూ గలదు.

ఎస్సెమ్మెస్ చదవడమే కాదు, పంపడం కూడా ప్రమాదమే. యూపీఐ యాప్ కొత్తగా పెట్టుకునేటప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పోతుంది, గుర్తుందా? నంబరు మీదేనని బ్యాంకు నమ్మేది దానివల్లే. దొంగ తన ఫోన్లో యూపీఐ తెరిచి, ఆ ఎస్సెమ్మెస్‌ని మీ ఫోన్లోని యాప్ చేత పంపిస్తే నంబరు వాడిదే అయిపోయినట్టు లెక్క. ఇక పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ కావాలి. అందుకే ఈ యాప్‌లు "చలాన్ చూడటానికి ఒక్క రూపాయి కట్టండి" అని కార్డు వివరాలు అడుగుతాయి. రూపాయి కోసం కాదు, ఆ అంకెల కోసం.

ఫైలు మంచిదో కాదో చెప్పే వెబ్‌సైటు ఉందటగా?

virustotal.com లో ఫైలు అప్‌లోడ్ చేస్తే చాలా యాంటీవైరస్‌ల తీర్పు ఒకేసారి చూపిస్తుంది. నేనూ వాడతాను. పది చోట్ల ఎర్రగా వస్తే సందేహమే లేదు. అయితే అంతా పచ్చగా వచ్చినా మంచిదని కాదు. అదే యాప్‌ని కొంచెం మార్చి కొత్త ఫైలు చేసి పంపుతుంటారు, పొద్దున పుట్టిన ఫైలు గురించి సాయంత్రం దాకా ఎవరికీ తెలియకపోవచ్చు. పరీక్ష కోసమని ఫైలు తెరవొద్దు, తెరవకుండానే అప్‌లోడ్ చేయొచ్చు. సొంత కాగితాలున్న ఫైళ్లు మాత్రం అందులో పెట్టకండి, అక్కడ పెట్టినవి ఇతరులకీ అందుతాయి.

ఐఫోన్‌కి ఈ బెడద ఉందా?

ఏపీకే ఫైలు ఐఫోన్‌లో పని చేయదు. అదే మెసేజ్‌లోని లింకు నొక్కి కార్డు నంబరు ఇస్తే మాత్రం ఏ ఫోనైనా ఒకటే.

## ఇన్‌స్టాల్ చేసేశాక

వేసేశాను, అనుమతులూ ఇచ్చేశాను. ముందు ఏం చేయాలి?

సిమ్ బయటికి తీయండి. యాప్ తీసేయడం తరవాత.

మా షాపుకి వచ్చిన ఒకాయన సంగతి చెబుతాను. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి తోడల్లుడి నంబరు నుంచి చలాన్ ఫైలు వచ్చింది. వేశాడు, ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చాడు, ఒక్క రూపాయి పేజీలో కార్డు వివరాలు కొట్టాడు. ఏమీ కనపడలేదు, యాప్ బొమ్మ కూడా మాయమైంది. ఏదో పని చెయ్యలేదులే అని పడుకున్నాడు. పొద్దున ఆరింటికి చూస్తే పాతపట్నంలో ఉన్న ఖాతా నుంచి రాత్రి పదకొండు దాటాక మూడు విడతల్లో నలభై ఎనిమిది వేలు పోయాయి. ఒక్క ఎస్సెమ్మెస్ కూడా ఆయనకి కనపడలేదు. ఆపైన రెండు గంటలు ఆ దొంగ యాప్‌ని వెతుకుతూ కూర్చున్నాడు. ఆ రెండు గంటల్లో ఇంకో పన్నెండు వేలు పోయాయి, ఎందుకంటే సిమ్ అదే ఫోన్లో ఉంది, నెట్ ఆన్‌లో ఉంది.

నేను చేసే వరస ఇది. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపాలి. సిమ్ తీసి బటన్ ఫోన్లో వేయాలి, జియో సిమ్ అయితే 4జీ బటన్ ఫోన్ కావాలి. ఇక ఓటీపీలు బటన్ ఫోన్‌కి వస్తాయి, దొంగ యాప్ చెవి మూతపడుతుంది. అదే బటన్ ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించాలి. బ్యాంకు నంబరుని గూగుల్‌లో వెతకొద్దు, కార్డు వెనకాల గానీ పాస్‌బుక్ మీద గానీ ఉంటుంది. ఆ తరవాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయాలి.

బొమ్మ కనపడటం లేదు. యాప్‌ని ఎక్కడ వెతకాలి?

సెట్టింగ్స్‌లో Apps జాబితా మొత్తం తెరవండి. పేరు ఖాళీగా ఉన్నది, లేదా మీరు ఫైలు వేసిన రోజునే వచ్చిన కొత్త పేరు వెతకండి. ఒక్కోసారి గూగుల్‌దో సిస్టమ్‌దో అనిపించే పేరు పెట్టుకుంటుంది. యాప్ పేజీలో కిందికి జరిపితే అది ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ అయిందో రాసి ఉంటుంది, ప్లే స్టోర్ అని లేకపోతే అనుమానించండి.

Uninstall బటన్ పని చేయకపోతే దానికి Device admin అధికారం ఇచ్చి ఉంటారు. సెట్టింగ్స్ వెతుకు పెట్టెలో ఆ మాట కొట్టి అక్కడ ఆపి, మళ్లీ తీసేయండి. అది కూడా కుదరనివ్వకుండా పేజీ దానంతటదే మూసుకుపోతుంటే సేఫ్ మోడ్‌లో ఆన్ చేయండి, అందులో బయటి యాప్‌లు నడవవు. తీశాక Accessibility, Notification access, డిఫాల్ట్ ఎస్సెమ్మెస్ యాప్, Install unknown apps, ఈ నాలుగు పేజీలూ చూడాలి. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్‌లో తెలియని నంబరు ఉంటే అదీ తీసేయండి.

యాప్ తీసేశాను. ఇంకా ఫోన్ రీసెట్ చేయాలా?

యాక్సెసిబిలిటీ ఇచ్చి ఉంటే చేయాలి. ఆ అనుమతితో అది స్క్రీన్ చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు, మీకు తెలియకుండా ఇంకేం వేసిందో చెప్పలేం. ఎస్సెమ్మెస్ మాత్రమే ఇచ్చి, యాప్ శుభ్రంగా పోయి, ప్లే ప్రొటెక్ట్ స్కాన్‌లో ఏమీ రాకపోతే నేను రీసెట్ మీద పట్టుబట్టను. అయినా బ్యాంకు యాప్‌లున్న ఫోన్ అయితే చేసేయడమే నయం.

రీసెట్‌కి ముందు వేరే ఫోన్‌తో సాక్ష్యం ఫొటోలు తీసుకోండి. వచ్చిన మెసేజ్, పంపిన నంబరు, ఫైలు పేరు, సమయం కనపడాలి. రీసెట్ చేసేశాక పోలీసులకి చూపించడానికి ఏమీ మిగలక ఇబ్బంది పడ్డవాళ్లని చూశాను.

నా వాట్సాప్ నుంచి అందరికీ ఫైళ్లు పోతున్నాయి. ఎలా ఆపాలి?

మంచి ఫోన్లో వాట్సాప్‌ని మీ నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేయండి. దొంగ ఫోన్లో అది లాగౌట్ అవుతుంది. Linked devices లో తెలియనివి ఉంటే తీసేయండి, Two-step verification లో పిన్ పెట్టండి. వాడు ముందే పిన్ పెట్టేసి ఉంటే, అది తెలియకుండా మీరు లోపలికి రావడానికి వారం రోజులు ఆగాలి. అయినా ఎస్సెమ్మెస్ కోడ్ కొట్టగానే వాడు బయటికి పోతాడు. ఈలోపు బంధువులకి ఫోన్ చేసి చెప్పండి, సిగ్గుపడి ఊరుకుంటే ఇంకో ఇద్దరు నొక్కుతారు.

## డబ్బు పోయాక

ఇల్లు ఒడిశాలో, ఖాతా ఆంధ్రాలో, సిమ్ కూడా ఆంధ్రాదే. కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలి?

ముందు 1930, లేదా cybercrime.gov.in. ఇది దేశమంతటికీ ఒకటే. ఏ రాష్ట్రపు లైను కలిసినా భయపడి పెట్టేయకండి, ఖాతా నంబరు, లావాదేవీ నంబరు, మొత్తం, సమయం చెప్పండి. డబ్బు వెళ్లిన ఖాతాలో ఇంకా ఉంటే దాన్ని ఆపించేది ఈ ఫిర్యాదే. డబ్బు చేతులు మారుతూ నిమిషాల్లో పోతుంది కాబట్టి ఊరు ఏదన్న చర్చ తరవాత పెట్టుకోండి.

పోలీస్ స్టేషన్‌లో "మీ ఖాతా అక్కడిది, అక్కడికే వెళ్లండి" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా మీరున్న చోటే ఫిర్యాదు తీసుకోవాలి.

నేనే ఓటీపీ, కార్డు వివరాలు ఇచ్చాను. బ్యాంకు ఏమైనా ఇస్తుందా?

కష్టమే. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 సర్క్యులర్‌తో తెచ్చిన నియమం ప్రకారం ఖాతాదారుడి అజాగ్రత్త వల్ల పోయినదంతా, బ్యాంకుకి చెప్పేవరకూ, అతనే భరించాలి. చెప్పిన తరవాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకు భరించాలి. అందుకే ఫోన్ చేసిన సమయం, వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. పైన చెప్పినాయన పొద్దున ఆరింటికే బ్యాంకుకి చెప్పి ఉంటే, చివరి పన్నెండు వేల గురించి అడగడానికి ఆయనకి గట్టి హక్కు ఉండేది. ఎనిమిది దాటాక చెప్పాడు.

ఇప్పుడు "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఈ రిఫండ్ యాప్ వేసుకోండి" అంటున్నారు...

ఆ ఫైలు కింద కూడా ఆ మూడక్షరాలే ఉంటాయి, చూడండి. ఒకసారి నొక్కినవాళ్ల నంబర్లు వాళ్ల దగ్గర ఉంటాయి, రెండోసారి పంపేది వాళ్లే.